పొడవాటి పట్టీ కాదు, దాని కింద ఉన్న పొట్టి పట్టీ చూడండి: గ్రాఫిక్స్ కార్డు కొనేముందు చార్టు చదివే పద్ధతి

గాజువాకలో ఉండే మా మేనల్లుడు పోయిన నెల ఒక చార్టు ఫొటో పంపాడు. "మామయ్యా, కార్డు ఇదే తీసుకుంటున్నాను. ద్వారకానగర్‌లో దుకాణం వాళ్లు రేపటికి తెప్పిస్తామన్నారు" అని కింద రాశాడు. చార్టులో పదిహేను కార్డుల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో పట్టీ ఉన్నాయి. అతను ఎర్రగీత చుట్టిన పట్టీ పక్కన "RTX 5060 Ti" అని మాత్రమే ఉంది. దుకాణం వాళ్లు ఇచ్చిన కొటేషన్ కూడా పంపమన్నాను. అందులో అదే పేరు పక్కన "8GB" అని ఉంది. వెంటనే ఫోను చేసి, అడ్వాన్సు కట్టొద్దని చెప్పాను.

ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 2025 ఏప్రిల్‌లో రెండు రూపాల్లో వచ్చింది. ఒకదానిలో 8 జీబీ మెమరీ, రెండోదానిలో 16 జీబీ. చిప్పు ఒకటే, మెమరీ వేగమూ ఒకటే. అమెరికాలో ప్రకటించిన ధరల్లో తేడా 50 డాలర్లు: 379, 429. విడుదల రోజుల్లో వచ్చిన సమీక్షలు చాలా వరకు 16 జీబీ కార్డు మీద చేసినవే. అందుకని చార్టులో మెమరీ రాయకుండా ఆ పేరు ఒక్కటే కనిపిస్తే, ఆ పట్టీ 16 జీబీ కార్డుదై ఉండే అవకాశం ఎక్కువ. మా వాడు చార్టులో చూసినది ఒక వస్తువు, కొనబోతున్నది మరో వస్తువు.

ఇది చెప్పాక అతను వెతికి వెతికి రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్న మరో చార్టు పట్టుకొచ్చాడు. "చూడండి మామయ్యా, రెండు పట్టీలూ ఒకటే పొడవున్నాయి కదా, ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఆ పట్టీల్లో లేదు, వాటి కింద లేత రంగులో ఉన్న పొట్టి పట్టీల్లో ఉంది. మా వాడు వాటిని అసలు చూడలేదు.

ఒకే సగటు, రెండు వేర్వేరు ఆటలు

కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసి తెర మీదికి పంపుతుందో చెప్పేది ఎఫ్‌పీఎస్. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటాం. సమీక్షకులు ఆటలో ఒక చోటు ఎంచుకుని, అర నిమిషమో నిమిషమో ఒకే దారిలో నడిచి, ఎన్ని ఫ్రేములు వచ్చాయో లెక్కిస్తారు. మొత్తం ఫ్రేములను మొత్తం సెకన్లతో భాగిస్తే సగటు వస్తుంది. పొడవాటి పట్టీ అదే.

ఆ సగటు ఏమి దాస్తుందో అంకెల్లో చూద్దాం. ఇవి లెక్క తేలికగా అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, ఏ కార్డువీ కావు. రెండు కార్డులతో 60 సెకన్ల చొప్పున ఆడాం. రెండింటిలోనూ 6000 ఫ్రేములు వచ్చాయి. అంటే రెండింటి సగటూ 100. చార్టులో రెండు పట్టీలూ సరిసమానం.

మొదటి కార్డు ప్రతి ఫ్రేమునూ దాదాపు 10 మిల్లీసెకన్లలో గీసింది. కాస్త అటూ ఇటూ ఉన్నా తాళం తప్పలేదు. రెండో కార్డు 5970 ఫ్రేములను ఒక్కొక్కటి 9.5 మిల్లీసెకన్లలోనే గీసింది, అంటే మొదటి దానికంటే వేగంగానే. కానీ మిగిలిన 30 ఫ్రేములకు ఒక్కోదానికి 109.5 మిల్లీసెకన్లు పట్టింది. కూడి చూడండి: మొదటి భాగం 56,715 మిల్లీసెకన్లు, రెండోది 3,285. మొత్తం సరిగ్గా 60,000, అంటే అవే 60 సెకన్లు.

ఆడేవాడికి ఇది ఎలా ఉంటుంది? ప్రతి రెండు సెకన్లకు ఒకసారి తెర సెకనులో పదోవంతు సేపు కదలకుండా నిలిచిపోతుంది. మౌసు తిప్పుతుంటే చూపు ఒక చోట ఆగి, మరో చోట తేలుతుంది. మలుపు తిరుగుతున్న కారు ఉన్నట్టుండి నాలుగు అడుగులు ముందు కనిపిస్తుంది. కాసేపటికి కళ్లు నొప్పి పుడతాయి. సగటు 100 అని చెప్పిన చార్టు అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఈ విషయాన్ని పాఠకుల ముందుకు గట్టిగా తెచ్చినవాడు ది టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్‌లో రాసిన స్కాట్ వాసన్. 2011లో అతను సెకనుకు ఎన్ని ఫ్రేములనే లెక్కను పక్కన పెట్టి, ఒక్కో ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో గీసి చూపించాడు. ఇప్పుడు దాదాపు ప్రతి సమీక్షలోనూ సగటు కింద మరో అంకె కనిపించడానికి వెనుక ఆ ఆలోచన ఉంది.

`1% low` అంటే ఏది?

ఆ రెండో అంకెను చార్టుల్లో `1% low` అని రాస్తారు. తెలుగులో చదివితే "ఒక శాతంలో" అన్నట్టు వినిపించి అర్థం తారుమారవుతుంది కాబట్టి, ఇక్కడ దాన్ని అడుగు అంకె అంటాను. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల సంగతి చెప్పేది అది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. లెక్క కట్టే తీరు దగ్గరే దారులు వేరవుతాయి. ఈ తేడా తెలియక చాలామంది రెండు వేర్వేరు సమీక్షల అడుగు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేస్తారు.

ఒక పద్ధతిలో ఫ్రేములన్నింటినీ వేగంగా వచ్చినవాటి నుంచి నెమ్మదిగా వచ్చినవాటి వరకు వరసలో నిలబెడతారు. చివరి ఒక శాతం మొదలయ్యే గీత దగ్గర ఉన్న ఫ్రేమును చూసి, దాని సమయాన్ని ఎఫ్‌పీఎస్‌లోకి మారుస్తారు. ఇంకో పద్ధతిలో ఆ గీతకు అవతల ఉన్న ఒక శాతం ఫ్రేములన్నింటి సగటు తీస్తారు. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండింటినీ విడివిడిగా చూపిస్తుంది. గీత దగ్గరి అంకెకు `P1` అని, చివరివాటి సగటుకు `1% low` అని పేరు పెడుతుంది. కానీ చార్టులు గీసేవాళ్లలో కొందరు మొదటి పద్ధతితో లెక్కించి కూడా `1% low` అనే రాస్తారు.

మన రెండో కార్డునే ఈ రెండు తూకాల్లో పెట్టి చూడండి. 6000 ఫ్రేముల్లో ఒక శాతం అంటే 60. చెడ్డ ఫ్రేములు 30 మాత్రమే. వరసలో చివరి నుంచి 60వ ఫ్రేము మంచిదే, దాని సమయం 9.5 మిల్లీసెకన్లు. కాబట్టి మొదటి పద్ధతి చెప్పే అడుగు అంకె 105. రెండో పద్ధతిలో చివరి 60 ఫ్రేముల్లో 30 చెడ్డవి, 30 మంచివి. వాటి సగటు 59.5 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 17 ఎఫ్‌పీఎస్. ఒకే కార్డు, ఒకే పరుగు, ఒకే లెక్కల పుస్తకం. ఒకరి చార్టులో 105, మరొకరి చార్టులో 17.

నిజమైన ఆటలో ఫ్రేములు ఇంత శుభ్రంగా రెండు రాశులుగా విడిపోవు కాబట్టి తేడా ఇంత భయంకరంగా కనిపించదు. అయినా దిశ మాత్రం ఇదే. గీత దగ్గరి అంకె అరుదైన పెద్ద కుదుపులను చూడలేదు. చివరివాటి సగటు వాటిని చూస్తుంది. అందుకే అడుగు అంకెలను ఒకే చార్టులోని కార్డుల మధ్య మాత్రమే పోల్చాలి. సమీక్షలో పరీక్ష విధానం రాసిన పేజీ ఉంటే, ఏ పద్ధతిలో లెక్కించారో అక్కడ ఒకసారి చూడండి. ఫ్రేముల సమయం గీతగా గీసిన బొమ్మ కూడా ఇచ్చి ఉంటే మరీ మంచిది. చదునుగా సాగే గీత మధ్య మధ్య మేకుల్లాగా పైకి లేస్తుంటే, ఏ అంకె ఏమి చెప్పినా ఆ మేకులే మీరు అనుభవించబోయే కుదుపులు.

కొన్ని చార్టుల్లో `0.1% low` కూడా ఉంటుంది. నేను దానికి అంత విలువ ఇవ్వను. 6000 ఫ్రేముల పరుగులో అది ఆరు ఫ్రేముల కథ. విండోస్ వెనకాల ఏదో ఒక పని మొదలుపెట్టినా ఆ ఆరు మారిపోతాయి. ఇక "మినిమమ్" అని ఉంటే అది ఒకే ఒక్క ఫ్రేము. అదే పరీక్షను మూడుసార్లు చేస్తే మూడు అంకెలు రావచ్చు. అడుగు అంకె కూడా సగటుకంటే ఎక్కువ ఊగుతుంది. రెండు కార్డుల అడుగు అంకెల మధ్య నాలుగైదు శాతం తేడా ఉంటే నేను సమానమనే అనుకుంటాను. పాతిక శాతం, సగానికి సగం తేడా కనిపిస్తే మాత్రం అక్కడ ఆగి కారణం వెతకాలి.

8 జీబీ కార్డు ఎక్కడ కూలబడుతుంది

మా వాడి చార్టుకు తిరిగి వద్దాం. చిప్పు ఒకటే అయిన రెండు కార్డుల్లో సగటు ఒకేలా ఉండి, అడుగు అంకె మాత్రం కిందికి జారితే కారణం దాదాపు ఎప్పుడూ మెమరీయే. గోడల మీది రాళ్లు, ముఖాల మీది చర్మం, గడ్డి, నీడలు, వీటికి సంబంధించిన సమాచారమంతా కార్డు మెమరీలో ఉండాలి. 5060 టీఐ తన మెమరీ నుంచి సెకనుకు 448 జీబీ చదవగలదు. 100 ఎంబీ కావాలంటే మిల్లీసెకనులో నాలుగో వంతు కూడా పట్టదు.

8 జీబీ నిండిపోయిందనుకోండి. మిగతా సమాచారం కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. కావలసినప్పుడు దాన్ని మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి గుండా తెచ్చుకోవాలి. ఇక్కడే మా వాడి కంప్యూటర్ వయసు అడ్డొచ్చింది. అతనిది రైజన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు. ఆ బోర్డులో దారి 3.0 తరానిది. 5060 టీఐ ఆ దారిలో ఎనిమిది వరసలే వాడుకునే కార్డు. 3.0 తరంలో ఎనిమిది వరసలంటే సెకనుకు సుమారు 8 జీబీ. అదే 100 ఎంబీ ఈ దారిలో రావడానికి 12 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అతని 144 హెర్ట్జ్ మానిటర్‌కు ఒక ఫ్రేముకు దొరికే సమయమే దాదాపు 7 మిల్లీసెకన్లు. ఒక్కసారి వెనక్కి వెళ్లి 100 ఎంబీ తెచ్చుకుంటే దాదాపు రెండు ఫ్రేముల సమయం దారిలోనే పోతుంది.

సమీక్షకుల పరీక్ష కంప్యూటర్‌లో సాధారణంగా కొత్త బోర్డు ఉంటుంది. దానిలో దారి 5.0 తరానిది. ఎనిమిది వరసలైనా సెకనుకు 32 జీబీ దగ్గర ఇస్తుంది. అంటే చార్టులో 8 జీబీ కార్డు ఎంత జారినట్టు కనిపించిందో, మా వాడి ఇంట్లో అంతకంటే ఎక్కువ జారుతుంది. పాత బోర్డు ఉన్నవాళ్లందరూ ఇది గుర్తు పెట్టుకోవాలి. ఏఎండీ వైపు ఇదే తరగతిలో 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు వరసల కార్డు. పాత బోర్డులో కూడా దానికి సెకనుకు సుమారు 16 జీబీ మోసే దారి దొరుకుతుంది. అదీ 8, 16 జీబీ మెమరీ రూపాల్లో ఉంది. విడుదలప్పుడు అమెరికాలో ప్రకటించిన ధరలు 299, 349 డాలర్లు.

మెమరీ నిండినప్పుడు ప్రతి ఆటా కుదుపులతోనే ఏడవదు. 2023లో వచ్చిన హాగ్వార్ట్స్ లెగసీ వంటి కొన్ని ఆటలు ఫ్రేముల వేగం నిలబెట్టుకోవడానికి గోడల మీది బొమ్మలను మసకగా వదిలేస్తాయి, లేదా మీరు దగ్గరికి వెళ్లాక ఆలస్యంగా తెచ్చి అతికిస్తాయి. అప్పుడు సగటూ బాగుంటుంది, అడుగు అంకే బాగుంటుంది. కళ్ల ముందు మాత్రం రాతిగోడ మైనపు ముద్దలా ఉంటుంది. దీన్ని ఏ పట్టీ చూపించలేదు. వీడియో సమీక్షలో రెండు కార్డుల తెరలను పక్కపక్కన పెట్టి చూపించే చోట మాత్రమే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న కార్డుకు మెమరీ చాలడం లేదా అని తెలుసుకోవడం కష్టం కాదు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, `Performance` కింద `GPU` నొక్కండి. `Dedicated GPU memory` దాదాపు నిండి ఉండటం ఒక్కటే రుజువు కాదు. చాలా ఆటలు ఖాళీ ఉంటే ముందుజాగ్రత్తగా నింపి పెట్టుకుంటాయి. దాని కింద `Shared GPU memory` కూడా పెరుగుతూ ఉండి, అదే సమయంలో ఆట కుదుపులిస్తుంటే అప్పుడు నమ్మండి. టెక్స్‌చర్ సెట్టింగు ఒక మెట్టు తగ్గించి, ఆట మూసి మళ్లీ తెరిచి చూడండి. కుదుపులు పోతే జబ్బు అదే.

అన్ని ఆటల సగటు పట్టీ

సమీక్ష చివర్లో అన్ని ఆటలను కలిపి ఒకే చార్టు ఇస్తారు. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి వెళతారు. పది ఆటల్లో తొమ్మిదింట రెండు కార్డులు సమానమనుకుందాం, పదో ఆటలో 8 జీబీ కార్డు సగానికి పడిపోయిందనుకుందాం. కలిపి చూస్తే తేడా ఐదారు శాతంగానే తేలుతుంది. "ఐదు శాతానికి అంత డబ్బా" అనిపిస్తుంది. అది ప్రతి ఆటలో ఐదు శాతం కాదు, ఒక ఆట ఆడలేకపోవడం. ఆ ఒక్క ఆట మీరు కొనాలనుకుంటున్నదే కావచ్చు.

అందుకని మొత్తం చార్టును నేను ఒక్క పనికే వాడతాను: నా ధరలో ఏ కార్డులు ఒకే తరగతివో తెలుసుకోవడానికి. ఆ తరగతిలో రెండు మూడు పేర్లు తేలాక, ఆట వారీ పేజీలకు వెళ్లి అడుగు అంకెలు చూస్తాను. సగటుతో తరగతి, అడుగు అంకెతో కార్డు.

ఆట వారీ పేజీ తెరిచినప్పుడు ముందు శీర్షిక చదవండి. 1080పీనా, 1440పీనా? సెట్టింగులు అల్ట్రానా, హైనా? బొమ్మను చిన్నగా గీసి తెరకు సరిపడా పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ లేదా ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టారా? ఫ్రేమ్ జనరేషన్ పెట్టి తీసిన అంకెలైతే వాటిని మామూలు అంకెలతో కలపకండి. నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య ఊహించి గీసిన ఫ్రేమును దూర్చడం వల్ల అంకె పెరుగుతుంది, మీ చేతి కదలికకు ఆట స్పందించే వేగం పెరగదు. పైగా దానికీ కార్డు మెమరీ కావాలి. 8 జీబీ ఇరుకుగా ఉన్న చోట దాన్ని నమ్ముకుంటే ఇరుకు ఇంకా పెరుగుతుంది.

సమీక్షకుడి ప్రాసెసర్ మీ ఇంట్లో లేదు

కార్డులను పరీక్షించేవాళ్లు రైజన్ 7 9800ఎక్స్3డీ లాంటి మేటి ప్రాసెసర్ పెడతారు. అది సరైన పద్ధతే. ప్రాసెసర్ అడ్డం రాకుండా కార్డు శక్తి ఒక్కటే కనబడాలి. కానీ ఆ చార్టులోని 140 మీ ఇంట్లోనూ వస్తుందని అనుకోకూడదు. ఆటలో ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్ ముందు లెక్కలు వేసి ఇవ్వాలి, ఆ తరువాతే కార్డు గీస్తుంది. ప్రాసెసర్ సెకనుకు 90 ఫ్రేములకే లెక్కలు అందిస్తుంటే కార్డు ఎంత పెద్దదైనా 90 దాటదు.

దీన్ని ముందే అంచనా వేయడానికి రెండు సమీక్షలు కలిపి చదవాలి. మీ ప్రాసెసర్ లేదా దానికి దగ్గరి ప్రాసెసర్ ఉన్న ప్రాసెసర్ సమీక్షలో, మీరు ఆడే ఆటను పెద్ద కార్డుతో 1080పీలో ఆడించిన అంకె చూడండి. అది మీ పైకప్పు. తరువాత కార్డు సమీక్షలో మీ తెర, మీ సెట్టింగుల దగ్గర ఆ కార్డు అంకె చూడండి. రెండింటిలో చిన్నది ఏదో, మీకు వచ్చేది దాదాపు అదే. సగటుకు సగటు, అడుగు అంకెకు అడుగు అంకె ఇలాగే చూసుకోవచ్చు. వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే రే ట్రేసింగ్ పెడితే ప్రాసెసర్ మీద కూడా బరువు పెరుగుతుంది కాబట్టి పైకప్పు కిందికి దిగుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

పైకప్పును చార్టులోనే పట్టుకునే గుర్తు ఒకటి ఉంది. కార్డులు పెద్దవవుతున్నకొద్దీ సగటు పట్టీలు పెరుగుతూ, అడుగు అంకెలు మాత్రం అన్నింటికీ దాదాపు ఒక్క దగ్గరే ఆగిపోతే, అక్కడ ఆపుతున్నది కార్డు కాదు. ప్రాసెసర్, ర్యామ్, లేదా ఆటే. అలాంటి ఆట కోసం పెద్ద కార్డు కొంటే కుదుపులు అలాగే ఉంటాయి.

మా మేనల్లుడి డబ్బా విప్పి చూస్తే ర్యామ్ 16 జీబీ ఒకే కర్రగా ఉంది, రెండో గాడి ఖాళీ. ఒకే కర్ర ఉంటే ప్రాసెసర్‌కు ర్యామ్ దారి సగమే తెరిచి ఉన్నట్టు. దాని దెబ్బ సగటు మీదకంటే అడుగు అంకె మీద ఎక్కువ పడుతుంది. అదే రకం కర్ర మరొకటి పెట్టడానికి అయ్యే ఖర్చును కార్డు బడ్జెట్ నుంచే పక్కన తీయమన్నాను.

విశాఖ వాతావరణం గురించి కూడా ఒక మాట. పరీక్షలు ఎక్కువగా చల్లని గదిలో, చాలాసార్లు తెరిచి ఉంచిన బల్ల మీద జరుగుతాయి. మే నెలలో మన ఇళ్లలో ఏసీ లేని గది, గోడకు ఆనించిన డబ్బా, ఉప్పుగాలికి తడిసి ముద్దకట్టిన దుమ్ము వేరే సంగతి. కార్డు వేడెక్కితే తన వేగం కొద్దిగా తగ్గించుకుంటుంది. దానివల్ల సగటు కాస్త దిగుతుంది, ఫ్యాన్ల హోరు బాగా పెరుగుతుంది. ఒకే చిప్పు ఉన్న రెండు కంపెనీల కార్డుల మధ్య రెండు శాతం వేగం కోసం కాకుండా, వేడి, శబ్దం చార్టు చూసి పెద్ద హీట్‌సింకు ఉన్నదాన్ని తీసుకోవడం మన ఊరికి మేలు. అయితే ఈ వేడి వల్ల మెమరీ కుదుపుల్లాంటి మేకులు పుట్టవు. ఆ రెండింటినీ కలిపి చూడవద్దు.

చివరికి ఏది ఎవరికి

మా వాడు రాత్రిళ్లు స్నేహితులతో వాలరెంట్ ఆడతాడు. సెలవుల్లో కొత్తగా వచ్చిన పెద్ద కథల ఆటలు ఆడతాడు. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్, ఫ్రీసింక్ 48 నుంచి 144 వరకు. ఈ 48 అనే అంకె చార్టు చదివేటప్పుడు పనికొస్తుంది. ఫ్రేముల వేగం ఆ పరిధిలో ఊగుతుంటే మానిటర్ తన వేగాన్ని దానికి సరిపెట్టుకుని చిన్న చిన్న తేడాలను కప్పేస్తుంది. అడుగు అంకె 60కి పైన ఉంటే ఈ మానిటర్ మీద ఆట నున్నగానే సాగుతుంది. సగటు 110, అడుగు 40 ఉన్న కార్డుకంటే సగటు 90, అడుగు 68 ఉన్న కార్డునే నేను ఎంచుకుంటాను. ఫ్రీసింక్ ఉంది కదా అని పెద్ద కుదుపులను తేలిగ్గా తీసుకోకండి. 100 మిల్లీసెకన్ల పాటు కొత్త ఫ్రేమే రాకపోతే మానిటర్ చూపించడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మాత్రమే ఆడేవాళ్లు 16 జీబీ కోసం అదనంగా పెట్టనవసరం లేదు. ఆ ఆటల్లో 8 జీబీ నిండదు, అడుగు అంకెను ప్రాసెసర్ తేలుస్తుంది. ఆ డబ్బు ప్రాసెసర్ మీదో, ర్యామ్ మీదో పెడితే ఫలితం కనిపిస్తుంది. కొత్త కథల ఆటలను టెక్స్‌చర్లు తగ్గించకుండా ఆడాలని, కార్డును నాలుగైదేళ్లు ఉంచుకోవాలని అనుకుంటే, ఈ తరగతిలో 8 జీబీ కార్డు ఎంత చవకగా దొరికినా నేను తీసుకోమని చెప్పను. 3.0 తరం బోర్డు ఉన్నవాళ్లకైతే అసలే వద్దు.

మిగిలినవి రెండు 16 జీబీ కార్డులు. మెమరీ నిండకపోతే ఎనిమిది వరసలా, పదహారు వరసలా అనే తేడాకు పెద్ద బరువు ఉండదు. రే ట్రేసింగ్ మీద మోజు ఉన్నవారికి, డీఎల్‌ఎస్‌ఎస్‌ను ఎక్కువగా వాడేవారికి 5060 టీఐ 16 జీబీకి అదనంగా పెట్టడం సమంజసమే. ఆ రెండూ అంతగా పట్టనివారికి 9060 ఎక్స్‌టీ 16 జీబీ చాలు. మా వాడు రెండో కోవలోకి వచ్చాడు. దుకాణం వాళ్లు రెండు కార్డులకూ చెప్పిన ధరల తేడాలో రెండో ర్యామ్ కర్ర వచ్చేసింది. బిల్లు రాయించేటప్పుడు పేరు మొత్తం, మెమరీతో సహా రాయించమని, పెట్టె అంచున ముద్రించిన "16GB" చూశాకే డబ్బు ఇవ్వమని చెప్పాను. పెట్టె ముందువైపు బొమ్మలు రెండింటికీ ఒకేలా ఉంటాయి.

కార్డు బిగించిన మూడో రోజు మళ్లీ ఫోను చేశాడు. ఆటలన్నీ బాగున్నాయి కానీ ఒక ఆటలో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తోందట, కార్డు తిరిగి ఇచ్చేయమంటారా అని అడిగాడు. టాస్క్ మేనేజర్ తెరిపించాను. కార్డు మెమరీలో ఇంకా చోటుంది, షేర్డ్ మెమరీ కదలడం లేదు. అది అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన ఆట. తరువాతి ప్రాంతాన్ని తెచ్చుకునేటప్పుడు ఆటే తడబడుతోంది. ఆ ఆట సమీక్ష పేజీ తెరిచి, అన్నిటికంటే ఖరీదైన కార్డు అడుగు అంకె ఎంతుందో చదవమన్నాను. కాసేపు ఫోనులో మౌనం. "అదీ మనలాగే ఉంది మామయ్యా" అన్నాడు.